‘గ్యాలరీ 4’ను ఎవరు వెతుకుతారు?

ముహూర్తం ఖాయమైన ఇంట్లో మొదట కల్యాణ మండపం మాట వస్తుంది, తర్వాత వంటవాళ్ల మాట, ఆ వెంటనే ఫోటోల మాట. ఒకప్పుడు అది ఊళ్లోని స్టూడియో దగ్గరే తేలిపోయేది. బాబాయిగారి అమ్మాయి పెళ్లికి ఎవరు తీశారో వాళ్లనే పిలిచేవారు. ఇప్పటికీ చాలా ఇళ్లలో అదే పద్ధతి. అయితే పెళ్లికూతురు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉద్యోగం చేస్తూ, పెళ్లి మాత్రం కాకినాడలోనో కరీంనగర్‌లోనో జరుగుతుంటే ఈ వెతుకులాట ఫోన్‌లోకి చేరుతుంది. ఆ అమ్మాయి గూగుల్‌లో `candid wedding photographers in kakinada` అని కొడుతుంది. ఇంకాస్త ఆలోచించి `annavaram temple wedding photos` అని కొడుతుంది. రెండిట్లోనూ ఒక ఊరో గుడో ఉంది, ఏ రకం ఫోటోలు కావాలో ఉంది.

ఇప్పుడు అవతలివైపు చూడండి. అదే అన్నవరం కొండ మీద చక్కటి పెళ్లి ఫోటోలు తీసిన స్టూడియో ఒకటి ఉందనుకుందాం. వాళ్ల వెబ్‌సైటులో ఆ పెళ్లి ఫోటోలున్న పేజీ పేరు `Gallery 4`. ఫోటోల కింద ‘మేడ్ ఫర్ ఈచ్ అదర్’, ‘మధుర క్షణాలు’, ‘రెండు హృదయాల కలయిక’ అని ఉంది. ఆ పేజీలో అన్నవరం అనే మాట లేదు, పెళ్లి అనే మాట లేదు, క్యాండిడ్ అనే మాట లేదు. వెతికే అమ్మాయికి కావలసిన ఫోటోలు అక్కడే ఉన్నా ఆమె వాటి దాకా రాలేదు.

ఈ ఎడాన్ని పూడ్చేవి రెండు చిన్న రాతలు: పేజీ టైటిల్, ఫోటో కింది క్యాప్షన్. కెమెరాలకూ లెన్సులకూ లక్షలు పోసే ఈ వృత్తిలో పైసా ఖర్చు లేని ఈ రెంటినీ చాలామంది ఖాళీగా వదిలేస్తున్నారు. లేదంటే పనికిరాని మాటలతో నింపేస్తున్నారు.

ఫోటోలో కనిపించనివి

గూగుల్‌కు ఫోటో అసలు అర్థం కాదని కొందరంటారు. అది పాతమాట. ఫోటోలో చీర ఉందని, పూలదండలున్నాయని, ఇది పెళ్లిలా ఉందని యంత్రం ఇప్పుడు చాలావరకు పోల్చుకోగలదు. పోల్చుకోలేనివి వేరే ఉన్నాయి. అది ఏ ఊళ్లో జరిగింది? ఏ మండపం? ముహూర్తం తెల్లవారుజామునా, అర్ధరాత్రా? ఫోటోగ్రాఫర్ నిలబెట్టి తీశారా, జరుగుతున్నదాన్ని కదిలించకుండా తీశారా? తలంబ్రాల ఫోటో రాజమండ్రిలో తీసినా వరంగల్‌లో తీసినా ఒకేలా ఉంటుంది. వెతికే జంట మాత్రం సరిగ్గా ఆ తేడా కోసమే వెతుకుతుంది.

ఫోటో దేని గురించో తెలుసుకోవడానికి దాని చుట్టూ ఉన్న రాతను, క్యాప్షన్‌ను, పేజీ టైటిల్‌ను కూడా చూస్తామని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే చెబుతుంది. అంటే ఫోటో చెప్పలేనిదాన్ని చెప్పడమే ఆ రాత పని. ‘మధుర క్షణాలు’ అన్న క్యాప్షన్ ఏ పెళ్లికైనా సరిపోతుంది. అందుకే అది ఏ పెళ్లి గురించీ ఏమీ చెప్పదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. కొన్ని వెబ్‌సైటు డిజైన్లలో ఫోటోలను పేజీ వెనక నేపథ్యంగా పెడతారు. చూడటానికి గొప్పగానే ఉంటుంది. కానీ సీఎస్‌ఎస్‌తో నేపథ్యంగా పెట్టిన బొమ్మలను గూగుల్ తన ఇమేజ్ సెర్చ్‌లోకి తీసుకోదు. ఫోటో మామూలు `<img>` ట్యాగ్‌లో ఉంటేనే లెక్కలోకి వస్తుంది. అలాగే ‘అన్నవరం పెళ్లి’ అని ఫోటో మీదే అందమైన అక్షరాలతో డిజైన్ చేసి పెడితే, ఆ అక్షరాలు పేజీలోని రాతతో సమానం కావు. సైటు కట్టిచ్చే మనిషిని ముందే అడగవలసిన ప్రశ్నలివి.

టైటిల్ ఎక్కడెక్కడ కనిపిస్తుంది?

టైటిల్ అంటే పేజీ పైన పెద్దక్షరాల్లో కనిపించే శీర్షిక అని చాలామంది అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. `<title>` అనేది పేజీ కోడ్‌లో ఉండే పేరు. బ్రౌజర్ ట్యాబ్ మీద అదే కనిపిస్తుంది, సెర్చ్ ఫలితాల్లో నొక్కదగ్గ లైనుగా సాధారణంగా అదే వస్తుంది. లింకును వాట్సాప్‌లో పెట్టినప్పుడు చిన్న బొమ్మ పక్కన వచ్చే పేరు మాత్రం `og:title` అనే ఇంకో గడి నుంచి వస్తుంది. చాలా సైటు టూల్స్ అందులో కూడా ఈ టైటిల్‌నే నింపుతాయి.

ఈ వాట్సాప్ సంగతి తెలుగిళ్లలో చిన్నది కాదు. ఫోటోగ్రాఫర్‌ను వెతికేది అమ్మాయే అయినా, ఖాయం చేసేది నాన్నగారు, పెద్దమ్మ, అన్నయ్య అందరూ ఉన్న గ్రూపులో. ఆమె నాలుగు లింకులు పెడుతుంది. మూడింటి పక్కన `Home`, `Portfolio`, `Gallery 4` అని, ఒక్కదాని పక్కన ‘అన్నవరం గుడి పెళ్లి, రాత్రి ముహూర్తం’ అని వస్తే పెద్దమ్మ ముందు ఏది నొక్కుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మన ఊహా స్టూడియో పేజీనే మార్చి చూద్దాం. స్టూడియో కాకినాడలో ఉంది. పెళ్లి అన్నవరం సత్యనారాయణస్వామి కొండ మీది మండపంలో అర్ధరాత్రి ముహూర్తానికి జరిగింది. పాత టైటిల్, కొత్త టైటిల్ ఇవి:

```
<title>Gallery 4 | Studio Name</title>

<title>Annavaram Temple Wedding, Night Muhurtham: Candid Photos | Studio Name</title>
```

కొత్తదాంట్లో ఊరు, గుడి, సమయం, శైలి ఆ వరసలో ఉన్నాయి. స్టూడియో పేరు చివర ఉంది. కారణం తెలిసిందే. టైటిల్ ఎంత పొడుగుండాలన్న నియమం గూగుల్ పెట్టలేదు, కానీ తెర వెడల్పును బట్టి చివర కోసేస్తుంది. అందుకే తెగిపోయినా పర్వాలేనిది చివర ఉండాలి, వెతికేవాళ్ల కన్ను పట్టుకునేది మొదట ఉండాలి. స్టూడియో పేరు తెలిసినవాళ్లు ఎలాగూ పేరుతోనే వెతుక్కుంటారు.

టైటిల్ ఇంగ్లీషులో ఎందుకు? తెలుగు జంటలు వెతికేది చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో కాబట్టి. ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. పేజీలో ఉన్న రాత ఏ భాషలో, ఏ లిపిలో ఉందో టైటిల్ కూడా అందులోనే ఉండాలని గూగుల్ చెబుతుంది. పేజీ అంతా తెలుగులో రాసి టైటిల్ మాత్రం ఇంగ్లీషులో పెడితే, ఆ టైటిల్‌ను పక్కనపెట్టి పేజీలోంచి ఇంకేదో తీసి చూపించవచ్చు. కనుక ఒక పేజీకి ఒక ప్రధాన భాష అని ముందే అనుకోవాలి. తెలుగులో కూడా కావాలనుకుంటే దానికి విడిగా ఇంకో పేజీ పెట్టుకోవడం మేలు.

మీరు రాసిన టైటిల్‌ను గూగుల్ మార్చే సందర్భాలు ఇంకా ఉన్నాయి. అన్ని పేజీలకూ ఒకే టైటిల్ ఉన్నప్పుడు, టైటిల్ ఖాళీగా ఉన్నప్పుడు, `wedding photography, wedding photographer, best wedding photos` అంటూ ఒకే మాటను నలిపినప్పుడు పేజీలోని పెద్ద శీర్షికనో వేరే రాతనో తీసుకుని చూపిస్తుంది. అందుకే పేజీ పైన కనిపించే శీర్షిక కూడా ఆ పెళ్లి గురించే చెప్పాలి. టైటిల్ అన్నవరం అని, పైన శీర్షిక ‘అవర్ వర్క్’ అని ఉంటే రెంటికీ పొంతన లేనట్టే.

ఊరి పేరు: ఎవరి ఊరు?

ఒక పెళ్లి పేజీలో మూడు ఊళ్లు కలుస్తాయి. స్టూడియో ఉన్న ఊరు, పెళ్లి జరిగిన ఊరు, జంట ఉంటున్న ఊరు. డాలస్‌లో కూర్చుని వెతికే అమ్మాయి డాలస్ అని కొట్టదు, పెళ్లి జరగబోయే ఊరి పేరు కొడుతుంది. కాబట్టి టైటిల్‌లోకి రావలసింది పెళ్లి జరిగిన ఊరు. స్టూడియో కాకినాడలో ఉందన్న సంగతి పేజీ మొదటి పేరాలో ఒక వాక్యంగా రావాలి: కాకినాడ నుంచి వెళ్లాం, ముందురోజు సాయంత్రమే కొండ మీదికి చేరాం, ఇద్దరు ఫోటోలు, ఒకరు వీడియో తీశారు అని. ప్రయాణం, మనుషుల లెక్క ఆ జంట ఎలాగూ ఫోన్లో అడిగే ప్రశ్నలే. వాటికి జవాబు ముందే దొరుకుతుంది.

మన ఊళ్లకు రెండేసి పేర్లుండటం ఇంకో ముడి. 2015లో రాజమండ్రి పేరును అధికారికంగా రాజమహేంద్రవరంగా మార్చారు. కానీ సెర్చ్‌లో వేళ్లు ఇంకా `rajahmundry` అనే కొడతాయి. విశాఖపట్నాన్ని కుర్రకారు `vizag` అంటుంది, పెళ్లిపత్రిక `Visakhapatnam` అంటుంది. ఇలాంటి జంటపేర్లను గూగుల్ చాలావరకు ఒకటిగానే గుర్తిస్తుంది కాబట్టి రెంటినీ టైటిల్‌లో ఇరికించనక్కర్లేదు. జనం నోట ఉన్నది టైటిల్‌లో, రెండోది పేజీ రాతలో సహజంగా వచ్చే చోట ఒకసారి వస్తే చాలు.

ఈ విషయంలో ఎక్కువమంది పడే గోతి వేరే ఉంది. ఎవరో సలహా ఇస్తారు, ప్రతి ఊరికీ ఒక పేజీ పెట్టమని. కాకినాడ పెళ్లి ఫోటోగ్రాఫర్, రాజమండ్రి పెళ్లి ఫోటోగ్రాఫర్, భీమవరం, ఏలూరు, తుని అంటూ ఒకే రాతలో ఊరిపేరు మాత్రం మార్చి ఇరవై పేజీలు పుట్టిస్తారు. లోపల ఉండేవి అవే పన్నెండు ఫోటోలు. ఇలాంటివాటిని గూగుల్ ‘డోర్‌వే’ పేజీలు అంటుంది. వేర్వేరు ఊళ్ల పేర్లతో మనుషుల్ని ఒకే చోటికి లాక్కొచ్చే గుమ్మాలన్నమాట. తన స్పామ్ నియమాల్లో వీటిని స్పష్టంగా పేర్కొంది. పేజీ అడుగున ముప్పై ఊళ్ల పేర్లను వరసగా పేర్చి పెట్టడాన్ని కూడా అదే నియమాల్లో తప్పుల జాబితాలో చేర్చింది. అలాంటి పేజీలు ఫలితాల్లో అడుక్కి పోవచ్చు, పూర్తిగా మాయం కూడా కావచ్చు.

మరి భీమవరంలో పని కావాలంటే? భీమవరంలో నిజంగా తీసిన పెళ్లి ఒకటుంటే దానికి పేజీ పెట్టాలి. ఆ మండపం, ఆ వెలుగు, ఆ కుటుంబం పేజీలో కనిపించాలి. లేకపోతే భీమవరం పేజీ ఉండనక్కర్లేదు, పరిచయ పేజీలో ‘గోదావరి జిల్లాలన్నిటికీ వస్తాం’ అన్న ఒక్క మాట చాలు. ఊరిపేరుతో పేజీ పెట్టాలంటే ఆ ఊళ్లో తీసిన పని ఉండాలన్నది నా దృష్టిలో నిజాయితీ నియమం కూడా. లింకు నొక్కి వచ్చిన జంటకు ఆ ఊరి పెళ్లి కనిపించకపోతే ఆ నిమిషమే వెనక్కి పోతుంది.

గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే బిజినెస్ ప్రొఫైల్‌కు కూడా ఇదే పట్టింపు ఉంది. అక్కడ పేరు గడిలో బోర్డు మీద ఉన్న అసలు పేరే రాయాలి. దాని పక్కన ‘బెస్ట్ క్యాండిడ్ వెడ్డింగ్ ఫోటోగ్రాఫర్ కాకినాడ’ అని తగిలించడం నియమాలకు విరుద్ధం. వెళ్లగలిగే ఊళ్లను చెప్పడానికి సర్వీస్ ఏరియా అని వేరే గడి ఉంది, అందులో ఇరవై దాకా ప్రాంతాలు చేర్చవచ్చు.

శైలికి పెట్టే పేరు

పెళ్లివారు వాడే శైలి మాటలు చాలా తక్కువ: ట్రెడిషనల్, క్యాండిడ్, సినిమాటిక్, ప్రీ వెడ్డింగ్. స్టూడియోలు తమ గురించి రాసుకునే ‘ఎమోషన్స్‌ను బంధించే స్టోరీటెల్లర్స్’ లాంటి మాటలను సెర్చ్‌లో ఎవరూ కొట్టరు. టైటిల్‌లో వెతికేవాళ్ల మాటే ఉండాలి.

అయితే ఆ మాట నిజం కావాలి. ట్రెడిషనల్ అంటే స్టేజీ మీద లైట్లు వేసి, బంధువులను వరసగా పిలిచి, అందరూ కెమెరావైపు చూస్తుండగా తీసేది. క్యాండిడ్ అంటే కెమెరా సంగతి పట్టించుకోకుండా వాళ్ల పనిలో వాళ్లుండగా పట్టేది. అప్పగింతల్లో తండ్రి ముఖాన్ని ఆపి, ఇటు తిరగండి అని తీస్తే అది క్యాండిడ్ కాదు. పేజీ టైటిల్‌లో క్యాండిడ్ అని రాసి, లోపల ఇరవైలో పదిహేను స్టేజీ గ్రూపు ఫోటోలుంటే జంటకు వెంటనే తెలిసిపోతుంది. తెలుగు పెళ్లికి నిజానికి రెండూ కావాలి. పెద్దవాళ్లు ఆల్బంలో ముందు వెతికేది గ్రూపు ఫోటోలోని తమ ముఖాన్నే. కాబట్టి రెండూ తీసిన పెళ్లి అయితే పేజీలో రెంటినీ వేరు వేరు భాగాలుగా పెట్టి, ఏ భాగానికి ఆ శీర్షిక పెట్టడం మంచిది.

శైలి అంటే వెలుగు కూడా. మన ముహూర్తాలు అర్ధరాత్రో తెల్లవారుజామునో పడుతుంటాయి. మండపంలో పసుపుపచ్చ బల్బులు, డెకరేషన్ వాళ్లు పెట్టిన గులాబీ, నీలం ఎల్‌ఈడీలు, వీడియో వాళ్ల తెల్ల లైటు, అన్నీ ఒకే ముఖం మీద పడతాయి. ఒక చెంప నీలంగా, ఒక చెంప పచ్చగా వచ్చే ప్రమాదం అక్కడే ఉంది. పగటి వెలుగులో చేయి తిరిగిన మనిషి అర్ధరాత్రి మండపంలో ఎలా తీస్తాడో పగటి ఫోటోలు చూపించవు. తన ముహూర్తం రాత్రి రెండు గంటలకు ఉన్న జంటకు కావలసిన సమాచారం ఇదే. అందుకే మన టైటిల్‌లో `Night Muhurtham` అన్న మాటకు చోటిచ్చాం.

ఒక ఫోటో, మూడు రాతలు

ఇప్పుడు పేజీలోని ఒక్క ఫోటోను తీసుకుందాం. జీలకర్ర బెల్లం. అడ్డుతెర ఇంకా దించలేదు. తమలపాకులో పెట్టిన ముద్దను వధూవరులు ఒకరి తల మీద ఒకరు ఉంచి నొక్కి పట్టుకున్నారు. పురోహితుడి చేతిలో మంత్రపుస్తకం, వెనక మేనమామ. ఈ ఫోటోకు మూడు చోట్ల రాత ఉంటుంది: ఫైలు పేరు, ఆల్ట్ టెక్స్ట్, క్యాప్షన్. మూడింటి పని వేరు వేరు.

ఫైలు పేరు కెమెరా పెట్టినది అలాగే ఉంటే `DSC_4471.jpg` లాగానో `IMG_2093.jpg` లాగానో ఉంటుంది. దాన్ని రెండు మూడు మాటల్లో మార్చితే గూగుల్‌కు అదొక చిన్న ఆనవాలు. చిన్నదే సుమా. పాత సైటులోని వందల ఫోటోల పేర్లు మార్చడానికి కూర్చోనక్కర్లేదు. పేరు మారితే ఫోటో చిరునామా మారుతుంది, దాన్ని గూగుల్ మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. ఇకమీద ఎక్కించేవాటికి మంచి పేర్లు పెడితే చాలు.

ఆల్ట్ టెక్స్ట్ తెర మీద కనిపించదు. చూపు లేనివారు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో స్క్రీన్ రీడర్‌తో పేజీ వింటున్నప్పుడు, ఫోటో వచ్చిన చోట చదివి వినిపించేది దాన్నే. ఫోటో తెరుచుకోకపోతే ఆ స్థానంలో కనిపించేదీ అదే. గూగుల్ కూడా దాన్ని చదువుతుంది. కనుక ఫోటోలో ఏం జరుగుతోందో అందులో చెప్పాలి. చాలామంది అక్కడ ఇన్‌స్టాగ్రామ్ హ్యాష్‌ట్యాగులను తెచ్చి గుమ్మరిస్తారు. కళ్లు లేని ఒక మేనత్త తన మేనకోడలి పెళ్లి పేజీ వింటుంటే ప్రతి ఫోటో దగ్గరా ‘బెస్ట్ వెడ్డింగ్ ఫోటోగ్రాఫర్ కాకినాడ’ అని వినిపిస్తుందంటే అది ఎంత అన్యాయమో ఆలోచించండి. గూగుల్ దృష్టిలో కూడా అది మాటలు కుక్కడమే.

క్యాప్షన్ అందరికీ కనిపించేది. ఫోటో చూసినా తెలియనిదాన్ని అది చెప్పాలి: ఏ ఘట్టం, ఎక్కడ, ఎలా తీశారు. మూడూ కలిపితే ఇలా ఉంటుంది:

```
<figure>
  <img src="annavaram-jeelakarra-bellam.jpg"
       alt="Bride and groom press jeelakarra bellam on each
            other's heads, a white curtain between them">
  <figcaption>Jeelakarra bellam at the muhurtham, Annavaram.
    Mandapam lights only, no flash.</figcaption>
</figure>
```

ఆల్ట్ టెక్స్ట్ చెప్పింది: వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెడుతున్నారు, మధ్యలో తెల్లని తెర ఉంది. క్యాప్షన్ చెప్పింది: ఇది ముహూర్త ఘడియ, అన్నవరంలో, మండపం లైట్లతోనే తీసింది, ఫ్లాష్ వాడలేదు. ఘట్టం పేరు తప్ప ఒకటి చెప్పింది రెండోది మళ్లీ చెప్పలేదు. ఈ రెంటిలో ఊరిపేరు క్యాప్షన్‌లోనే వచ్చింది. పేజీలో ఇరవై ఫోటోలుంటే ఇరవైట్లోనూ అన్నవరం అనక్కర్లేదు. టైటిల్‌లో, మొదటి పేరాలో, మూడు నాలుగు క్యాప్షన్లలో వస్తే సరిపోతుంది.

ఘట్టాల పేర్లు క్యాప్షన్లకు పెద్ద ఆస్తి. ‘రిచువల్’ అని రాయడం కంటే గౌరీపూజ, కాశీయాత్ర, గంపలో పెళ్లికూతురిని మేనమామ తీసుకురావడం, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం అని పేరు పెట్టి రాయాలి. ప్రాంతాన్ని బట్టి పేర్లు మారతాయి కూడా. తెలంగాణలో ఎదుర్కోళ్లు, మైలపోలు, పుస్తెమట్టెలు అనే మాటలు ఇంటివాళ్ల నోట ఉంటాయి. వరంగల్ పెళ్లి పేజీలో ఆ మాటలే ఉంటే అక్కడి కుటుంబానికి ఈ ఫోటోగ్రాఫర్‌కు మన పద్ధతులు తెలుసని అర్థమవుతుంది. ఏ ఘట్టం ఎప్పుడొస్తుందో తెలియని ఫోటోగ్రాఫర్ మాంగల్యధారణ సమయానికి లెన్స్ మారుస్తూ దొరికిపోతాడన్న భయం ప్రతి తల్లికీ ఉంటుంది. సరైన పేరుతో రాసిన క్యాప్షన్ ఆ భయాన్ని కొంత తీరుస్తుంది.

క్యాప్షన్ ఎవరు రాయాలన్నది అసలు కష్టం. పెళ్లి అయిన రెండు నెలలకు ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చున్న మనిషికి ఆ మండపం పేరు గుర్తుండదు. అందుకని ఫోటోలు ఎంపిక చేసిన రోజే ఒక కాగితం మీద ఊరు, మండపం, ముహూర్త సమయం, వాడిన వెలుగు, ఇంటివాళ్లు ఆ ఘట్టాన్ని పిలిచిన పేరు రాసి ఫోల్డర్‌తో పాటు ఉంచుకోవాలి. లైట్‌రూమ్ వాడేవాళ్లు ఫోటో వివరాల్లోని క్యాప్షన్ గడిలోనే రాసుకోవచ్చు.

ఫోటో ఎవరిది?

టైటిల్ రాసే ముందు ఒక ప్రశ్న తేలాలి. ఈ ఫోటోలను వెబ్‌సైటులో పెట్టే హక్కు ఫోటోగ్రాఫర్‌కు ఉందా? ‘తీసింది నేను కాబట్టి నావే’ అని చాలామంది నమ్ముతారు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ మరోలా చెబుతుంది. ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని ఆ తీయించుకున్నవారే. అంటే పెళ్లివారు డబ్బిచ్చి పిలిచి తీయించుకున్న ఫోటోల మీద, కాగితం మీద వేరే మాట లేనంతవరకు, హక్కు వాళ్లదే. అడ్వాన్స్ తీసుకునే రోజే, ఏ ఫోటోలను ఎక్కడ వాడుకుంటామో రాతలో ఒప్పించుకోవాలి. వెబ్‌సైటు వేరు, ఇన్‌స్టాగ్రామ్ వేరు, మండపం వాళ్ల హోర్డింగ్ వేరు అని విడివిడిగా అడగడం మర్యాద.

పేర్ల విషయం ఇంకా సున్నితం. టైటిల్‌లో వధూవరుల పూర్తి పేర్లు పెడితే, ఆ తర్వాత ఎవరు ఆ అమ్మాయి పేరు గూగుల్‌లో కొట్టినా పెళ్లి ఫోటోలు ముందుకొస్తాయి. ఆఫీసులో కొత్త మేనేజర్ కొట్టినా అంతే. ఆ పెళ్లి నిలవకపోతే ఆ పేజీ ఆమెకు ఎంత బాధ! వెతికే జంటకు ఈ పేర్లతో పని లేదు, ఊరితో, శైలితోనే పని. కనుక పేర్లు లేకుండానే టైటిల్ రాయవచ్చు, వాళ్లు ఒప్పుకుంటే మొదటి పేర్లు మాత్రం క్యాప్షన్‌లో పెట్టవచ్చు. చిన్నపిల్లల పేర్లు ఎక్కడా వద్దు.

ఇంటిదగ్గర జరిగిన పెళ్లికూతురిని చేసే వేడుక ఫోటోలకు ఇంకో జాగ్రత్త కావాలి. ఫోన్‌తోనో, జీపీఎస్ ఉన్న కెమెరాతోనో తీసిన ఫోటో ఫైల్లో ఆ ఇల్లు ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదై ఉండవచ్చు. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫోటోలు బయటికి తీసేటప్పుడు `Remove Location Info` అన్న గడి కనిపిస్తుంది. దాన్ని టిక్ పెట్టాలి. క్యాప్షన్‌లో కూడా ఊరు చాలు, వీధి పేరు వద్దు.

కొన్నాళ్లకు ఆ కుటుంబం తీసేయమంటే పేజీని నిజంగానే తీసేయాలి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో `Removals` అనే సదుపాయం ఫలితాన్ని త్వరగా దాస్తుంది కానీ అది సుమారు ఆరు నెలలే. పేజీ అలాగే ఉంటే మళ్లీ పైకి వస్తుంది.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

సెర్చ్ కన్సోల్ ఉచితం. అందులో ఏ మాటలు కొట్టినప్పుడు మీ పేజీ జనానికి కనిపించింది, ఎంతమంది నొక్కారు, ఏ దేశం నుంచి అన్నవి ఉంటాయి. మామూలు వెబ్ సెర్చ్‌ను, ఇమేజ్ సెర్చ్‌ను విడదీసి చూడవచ్చు. పదహారు నెలల లెక్క దొరుకుతుంది.

మన అన్నవరం పేజీకి అక్కడ మూడు రకాల సంగతులు కనిపించవచ్చు. అసలు ఒక్కసారీ ఎవరికీ కనిపించకపోతే గూగుల్ ఆ పేజీని ఇంకా తన జాబితాలోకి తీసుకోలేదేమో చూడాలి. దానికి `URL Inspection` ఉంది. పేజీ తరచూ కనిపిస్తున్నా ఎవరూ నొక్కకపోతే గూగుల్‌లో వెతికి, టైటిల్ మీరు రాసినట్టే వస్తోందా, మారిందా చూడాలి. మారితే కారణం ఎక్కువగా పేజీ శీర్షికకూ టైటిల్‌కూ పొంతన లేకపోవడమో, మాటలు నలగడమో అయి ఉంటుంది. ఇక నొక్కుతున్నారు కానీ ఫోన్ రావడం లేదంటే తప్పు టైటిల్‌ది కాదు. లోపల ఉన్నది టైటిల్ చెప్పినదేనా అని చూసుకోవాలి. ఏది మార్చినా కొన్ని వారాలు ఆగి చూడాలి, రోజూ మారుస్తుంటే ఏ మార్పు ఏం చేసిందో తెలియదు.

దీనికి హద్దు కూడా ఉంది. `wedding photographers in hyderabad` అన్న వెతుకులాటలో పైన వచ్చేవి మ్యాప్, పెళ్లి సేవల జాబితాలు ఇచ్చే పెద్ద సైట్లు, ఏళ్ల తరబడి సమీక్షలు పోగేసుకున్న స్టూడియోలు. ఒక మంచి టైటిల్ వాళ్లను దాటించదు. టైటిల్, క్యాప్షన్ గెలవగలిగేది ఇరుకైన చోట: ఒక గుడి, ఒక మండపం, ఒక ఘట్టం, ఒక రకం వెలుగు. అక్కడ వెతికేవాళ్లు తక్కువ, పోటీ పేజీలు ఇంకా తక్కువ. అలా వెతికేవాళ్లు తమ పెళ్లి ఎక్కడ, ఎప్పుడు అన్నది తేల్చుకున్నవాళ్లు.

పోర్ట్‌ఫోలియోలోని పెళ్లిళ్లన్నిటినీ ఒకేసారి మార్చాలని కూర్చుంటే ఏదీ పూర్తికాదు. బాగా గుర్తున్న ఒక్క పెళ్లిని తీసుకుని పన్నెండు ఫోటోలు ఎంచి, అనుమతి చూసుకుని, టైటిల్ ఒకటి, క్యాప్షన్లు పన్నెండు, ఆల్ట్ టెక్స్టులు పన్నెండు రాయండి. అదొక సాయంత్రం పని. దాని ఫలితం ముందు ఫోన్లలోనే తెలుస్తుంది. ‘ప్యాకేజీ ఎంతండీ?’ అని మొదలయ్యే ఫోన్లతో పాటు, ‘అన్నవరం పెళ్లిలో ఫ్లాష్ లేకుండా తీశారు కదండీ, మాదీ రాత్రి ముహూర్తమే, అలాగే తీయగలరా?’ అని అడిగే ఫోన్ ఒకటి వస్తుంది. అలా అడిగిన మనిషి మీ పనిని చూసి, చదివి, తన పెళ్లితో పోల్చుకుని వచ్చిన మనిషి. బేరం కంటే ముందు పని గురించి మాట్లాడే అలాంటి కుటుంబాలు దొరకడానికే ఈ రాత.